కన్ఫెషన్ పంచనామాలో కోర్టు ముందుకు రాగలిగే వాక్యాలు ఎన్ని?

ప్రశ్న: నమస్కారం సార్. మా బావమరిదిని ఒక దొంగతనం కేసులో మూడు రోజులు స్టేషన్‌లోనే ఉంచి, తరువాత అరెస్టు చూపించి రిమాండ్‌కు పంపారు. ఇప్పుడు బెయిల్ మీద ఉన్నాడు. నేరం తానే చేశానని రాసి ఉన్న కన్ఫెషన్ పంచనామా మీద వాడి సంతకం ఉంది. పోలీసుల ముందు చెప్పింది కోర్టులో చెల్లదని ఒక వకీలు గారు అన్నారు. నగలు మా పశువుల కొట్టంలో దొరికాయి కాబట్టి చెల్లుతుందని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు:

ఆ కాగితాన్ని ఒక్క వస్తువుగా చూసినంత కాలం మీకు సరైన జవాబు దొరకదు. చట్టం దానిని వాక్యం వాక్యంగా, ఒక్కొక్కసారి వాక్యంలోని పదం పదంగా విడదీసి చూస్తుంది. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ ఒకే నిబంధనలోని రెండు భాగాల గురించి మాట్లాడుతున్నారు. ముప్పై ఏళ్లుగా సెషన్స్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు నడిపిన అనుభవంతో చెబుతున్నాను: ఈ రెండు భాగాలు ఎక్కడ విడిపోతాయో తెలియకపోవడం వల్ల నష్టపోయిన ముద్దాయిలను చాలామందిని చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా నిబంధన సంగతి. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. అంతకుముందు 1872 నాటి సాక్ష్య చట్టంలో 25, 26, 27 సెక్షన్లుగా ఉన్నవి ఇప్పుడు 23వ సెక్షన్‌లో ఒకచోట చేరాయి. పాత 25 ఇప్పుడు మొదటి ఉపవిభాగం, పాత 26 రెండవ ఉపవిభాగం, పాత 27 ఆ రెండవ దాని కింద మినహాయింపు. సంఖ్యలు మారాయి గాని సారం మారలేదు. కాబట్టి పాత తీర్పులన్నీ ఈనాటికీ పనికివస్తాయి.

మొదటి ఉపవిభాగం చాలా సూటిగా ఉంటుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా రుజువు చేయరాదు. ఇక్కడ కస్టడీ ప్రసక్తే లేదు. మనిషి తనంతట తాను స్టేషన్‌కు నడిచి వెళ్లి చెప్పినా, ఇంట్లో కూర్చుని ఎస్సైకి చెప్పినా, అప్పటికి ఇంకా ముద్దాయి కాకపోయినా నిషేధం వర్తిస్తుంది. కొట్టారా లేదా అన్నది కూడా ఇక్కడ ప్రశ్న కాదు. ఎంత స్వచ్ఛందంగా చెప్పినా, విన్నవాడు పోలీసు అధికారి అయితే ఆ మాట కోర్టు ముందుకు రాదు.

ఈ నిషేధం ఎంత లోతుగా వెళుతుందో బీహార్ నుంచి సుప్రీంకోర్టుకు వచ్చిన అఘ్నూ నగేసియా కేసులో తెలుస్తుంది. 1963 ఆగస్టులో ఒక వ్యక్తి పాల్కోట్ పోలీస్ స్టేషన్‌కు స్వయంగా వెళ్లి, తన బంధువైన ఒక స్త్రీనీ ఆమె కుటుంబంలోని మరో ముగ్గురినీ చంపానని ఫిర్యాదు ఇచ్చాడు. ఎఫ్.ఐ.ఆర్. ఇచ్చినవాడే ముద్దాయి అన్నమాట. ఆ ప్రకటనలో హత్యను ఒప్పుకున్న వాక్యాలను తీసివేసి, కక్షకు కారణం, ఆ రోజు తాను ఎటు వెళ్లాడు, తరువాత ఏం చేశాడు వంటి మిగతా సంగతులను వాడుకోవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. 1965లో సుప్రీంకోర్టు వాడుకోరాదని చెప్పింది. ఒప్పుకోలులో భాగంగా చెప్పిన ఉద్దేశం, సన్నాహం, అవకాశం, తరువాతి ప్రవర్తన అన్నీ ఒప్పుకోలే. నేరం చేశానన్న ఒక్క వాక్యాన్ని గీసివేసి మిగతాది నిలబెట్టడం కుదరదు. ఫిర్యాదు ఇచ్చిన మనిషి ఇతడేనన్న సంగతి, మినహాయింపు కిందికి వచ్చే భాగం మాత్రమే మిగిలాయి. అవి శిక్షకు చాలలేదు. అతడు విడుదలయ్యాడు.

ఇంత కఠినమైన నిషేధం ఎందుకు పెట్టారన్నది తెలిస్తే తరువాతి భాగం సులభంగా అర్థమవుతుంది. ఆ చరిత్రలో మన ప్రాంతానికీ చోటుంది. అప్పట్లో మన తెలుగు జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ ప్రెసిడెన్సీలో జరుగుతున్న చిత్రహింసల మీద నియమించిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. పన్ను వసూలు అధికారమూ పోలీసు అధికారమూ ఒకే చేతిలో ఉన్న ఆ రోజుల్లో, వేళ్లను కర్రల మధ్య బిగించడం, మనిషిని వంగదీసి కట్టి గంటల తరబడి ఎండలో నిలబెట్టడం వంటి పద్ధతులను ఆ నివేదిక నమోదు చేసింది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమాలు చేరాయి. 1872లో అవి అక్కడి నుంచి సాక్ష్య చట్టంలోకి వచ్చాయి. ఏ ఒప్పుకోలు దెబ్బలతో వచ్చిందో, ఏది మనసు కరిగి వచ్చిందో ప్రతి కేసులోనూ కోర్టు తేల్చగలదన్న నమ్మకం ఆ శాసనకర్తలకు లేదు. అందుకే విచారణ పెట్టి తేల్చే పని వదిలిపెట్టి, మొత్తంగా తలుపు మూసేశారు. నా అనుభవంలో ఆ అపనమ్మకం ఈనాటికీ సకారణమే.

ఇక రెండవ ఉపవిభాగంలో కస్టడీ వస్తుంది. పోలీసుల అదుపులో ఉన్నప్పుడు మనిషి ఎవరి ముందు నేరం ఒప్పుకున్నా, ఆ సమయంలో మేజిస్ట్రేటు స్వయంగా అక్కడ లేకపోతే, అది అతనికి వ్యతిరేకంగా రుజువు కాదు. మొదటి నిషేధం విన్నవాడిని బట్టి ఉంటే, ఇది చెప్పినవాడి స్థితిని బట్టి ఉంటుంది. స్టేషన్‌లో ఉన్నప్పుడు చూడటానికి వచ్చిన బంధువుతో చెప్పినా, ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు డాక్టరుతో చెప్పినా, పత్రికా సమావేశంలో విలేకరుల మైకుల ముందు చెప్పినా ఇదే నియమం. వింటున్నది పోలీసు కాకపోయినా, చెప్పేవాడు రాత్రికి తిరిగి వెళ్లవలసింది ఆ లాకప్‌కే కదా. పార్లమెంటు మీద దాడి కేసులో పోలీసుల అదుపులో ఉన్న ముద్దాయి టీవీ విలేకరులతో మాట్లాడిన మాటలను ప్రాసిక్యూషన్ వాడుకోబోయింది. 2005లో సుప్రీంకోర్టు ఆ మాటలకు విలువ ఇవ్వడానికి నిరాకరించింది. మీ బావమరిది గురించి పేపర్లో ఏమైనా వచ్చి ఉంటే, దాని గురించి ఈ కేసు వరకు బెంగ పెట్టుకోకండి.

ఇంతవరకూ చూస్తే కస్టడీ ముద్దాయికి రక్షణగానే కనిపిస్తుంది. ఆ వెంటనే వచ్చే మినహాయింపులో అదే కస్టడీ ఎదురు తిరుగుతుంది. పోలీసు కస్టడీలో ఉన్న ముద్దాయి ఇచ్చిన సమాచారం ఫలితంగా ఒక విషయం బయటపడితే, ఆ బయటపడిన విషయానికి స్పష్టంగా సంబంధించినంత మేరకు ఆ సమాచారాన్ని రుజువు చేయవచ్చు. అది ఒప్పుకోలు అయినా సరే, కాకపోయినా సరే. చెప్పిన చోట నిజంగానే వస్తువు దొరికింది కాబట్టి ఆ కాస్త మేరకు మాట నిజమేనని వస్తువే సాక్ష్యమిస్తుందన్నది దీని వెనుక తర్కం.

ఈ మినహాయింపు ఎంతవరకు వెళుతుందో తేల్చిన తీర్పు కూడా మన నేల మీది గొడవలోంచే వచ్చింది. 1945 డిసెంబరు చివరలో గుంటూరు ప్రాంతంలో ఒక ఊరి చెరువు దగ్గర రెండు వర్గాల మధ్య ఘర్షణ జరిగి మనుషులు చనిపోయారు. ఆ కేసు మద్రాసు హైకోర్టు దాటి, అప్పట్లో మన దేశానికి ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1946 డిసెంబరులో తీర్పు వచ్చింది. న్యాయవాదులంతా దానిని పులుకూరి కోటయ్య కేసు అంటారు. అందులో ఒక ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటల సారాంశం ఇది: తమ వర్గం వారు పొద్దుగూకే వేళ చెరువు మూల కాపు కాశారు, ఇద్దరిని కొట్టి చంపారు, తమలో ఒకరు వారి చేతిలోని బల్లెం తనకిచ్చారు, ఆ బల్లేన్నీ తన కర్రనూ ఊళ్లో ఫలానా వారి గడ్డివాములో దాచాడు, వస్తే చూపిస్తాడు, ఇదంతా ఫలానా వారి ప్రోద్బలంతో చేశారు. ప్రివీ కౌన్సిల్ ఇందులో గడ్డివాములో దాచానన్న మాటనూ, వస్తే చూపిస్తానన్న మాటనూ మాత్రమే ఉంచింది. కాపు కాయడం, చంపడం, ప్రోద్బలం అన్నీ తొలగించింది. ఇంకొక ముద్దాయి బల్లెంతో పొడిచానని, దానిని ఊళ్లోని ఒక దొడ్డిలో దాచానని చెబితే, పొడిచానన్న వాక్యం పోయి దాచానన్న వాక్యం మిగిలింది.

దానికి ఇచ్చిన కారణమే ఈ చట్టమంతటికీ కీలకం. బయటపడిన విషయం అంటే దొరికిన వస్తువు కాదు. ఇంటి పైకప్పులో దాచిన కత్తిని తీసి ఇస్తానని ముద్దాయి చెబితే కత్తి అనేది కొత్తగా కనుగొన్నట్టు కాదు, లోకంలో కత్తులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అతని ఇంట్లో ఒక కత్తి దాగి ఉంది, ఆ సంగతి అతనికి తెలుసు అన్నదే కొత్తగా బయటపడింది. అంటే వస్తువు ఉన్న చోటు, ఆ చోటు గురించి అతనికున్న ఎరుక. ఆ కత్తితో ఫలానా మనిషిని పొడిచానని అతడు చేర్చి చెబితే, ఆ చేర్పు గడిచిపోయిన సంగతి. కత్తి పైకప్పులో దొరకడం వల్ల ఆ సంగతి బయటపడదు. కాబట్టి అది లోపలికి రాదు.

ఇప్పుడు మీ కాగితం సంగతికి వద్దాం. నేను దానిని చూడలేదు. అయినా దొంగతనం కేసుల్లో ఈ పంచనామాలు ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి కనుక, ఒక నమూనా పెట్టుకుని గీత గీద్దాం. అందులో ఇలా ఉందనుకోండి: “నాకు అప్పులు ఎక్కువైనందున దొంగతనం చేయాలని అనుకున్నాను. ఫలానా రాత్రి ఆ ఇంటి వెనుక తలుపు గడియ విరిచి లోపలికి వెళ్లి బీరువాలోని నగలు తీసుకున్నాను. నా స్నేహితుడు బయట కాపలా ఉన్నాడు. దొంగిలించిన నగలలో గొలుసును బజారులోని తాకట్టు కొట్టులో కుదువ పెట్టాను. మిగిలిన నగలను గుడ్డ సంచిలో చుట్టి మా పశువుల కొట్టంలో గాబు వెనుక పాతిపెట్టాను. నాతో వస్తే చూపిస్తాను.”

అప్పుల వాక్యం ఉద్దేశానికి సంబంధించినది, అఘ్నూ నగేసియా తీర్పు ప్రకారం అది పోతుంది. గడియ విరిచిన వాక్యం నేరాంగీకారమే కనుక అదీ పోతుంది. స్నేహితుడి వాక్యం వల్ల ఏదీ బయటపడలేదు కనుక మినహాయింపు కిందికి రాదు. అది ఆ స్నేహితుడి మీద సాక్ష్యంగా కూడా నిలవదు. “దొంగిలించిన నగలలో” అన్నచోట “దొంగిలించిన” అన్న ఒక్క పదాన్ని కోసివేయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఈ ఒక్క విశేషణం మిగిలిపోతే ఒప్పుకోలంతా దాని వెనకాలే లోపలికి వచ్చేస్తుంది. తాకట్టు వాక్యం నిలుస్తుందా లేదా అన్నది ఆ కొట్టు సంగతి పోలీసులకు మొదట ఎవరి ద్వారా తెలిసిందన్న దాని మీద ఉంటుంది. మీ బావమరిది చెప్పిన తరువాతే అక్కడికి వెళ్లి, కొట్టు వారి పుస్తకంలో అతని పేరూ తేదీ చూసి గొలుసు స్వాధీనం చేసుకుని ఉంటే అది నిలుస్తుంది. కొట్టు యజమానే ముందుగా పోలీసులకు చెప్పి ఉంటే, ముద్దాయి మాట వల్ల కొత్తగా బయటపడినది ఏమీ లేదు. చివరి రెండు వాక్యాలు, గాబు వెనుక పాతిపెట్టానన్నది, చూపిస్తానన్నది, నిజంగా అతని నోటి నుంచి ఆ వరుసలోనే వచ్చి ఉంటే కోర్టు ముందుకు వస్తాయి.

అవి వచ్చినంత మాత్రాన దొంగతనం రుజువైనట్టు కాదు. ఆ నగలు అక్కడ ఉన్న సంగతి అతనికి తెలుసు అన్నంత వరకే అవి చెబుతాయి. అతడే దాచి ఉండవచ్చు, ఇంకొకరు దాస్తుండగా చూసి ఉండవచ్చు, ఎవరో చెప్పగా విని ఉండవచ్చు. తనకు ఎలా తెలిసిందో ముద్దాయి వివరించకపోతే అతడే దాచాడని కోర్టు అనుకోవడానికి వీలుందని సుప్రీంకోర్టు సురేశ్ అనే మహారాష్ట్ర ముద్దాయి కేసులో చెప్పింది. కాబట్టి ఏమీ మాట్లాడకుండా ఉండటం ఇక్కడ ఎల్లప్పుడూ క్షేమం కాదు. ఆ తరువాత ఆ నగలు తమవేనని ఫిర్యాది గుర్తుపట్టాలి. ఆ రెండూ కుదిరాక, దొంగ సొత్తు దొంగతనం జరిగిన కొద్దికాలంలోనే ఒకరి దగ్గర ఉండి, దానికి అతడు సంజాయిషీ చెప్పలేకపోతే అతడు దొంగ అయినా కావాలి, తెలిసి దొంగ సొత్తు పుచ్చుకున్నవాడైనా కావాలి అని కోర్టు ఊహించవచ్చు. పాత చట్టంలో 114వ సెక్షన్ కింద, కొత్త చట్టంలో 119వ సెక్షన్ కింద ఈ ఊహ ఉంది. నగల కేసుల్లో శిక్షలు పడేది సాధారణంగా ఈ దారిలోనే. ఒప్పుకోలు వల్ల పడవు. ఆ నగలు దొంగతనం జరిగిన ఎన్నాళ్లకు దొరికాయి, ఆ కొట్టంలోకి ఎవరెవరు వస్తూ పోతూ ఉంటారు అన్న ప్రశ్నలకు మీ కేసులో చాలా విలువ ఉంది.

ఇక అసలు సంగతి, ఆ మూడు రోజులు. మీరు ఆ విషయాన్ని ప్రశ్నలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నేను మాత్రం కేసంతటిలోనూ దానినే ముందుగా పట్టుకుంటాను.

అరెస్టు చూపించకముందు ఉంచారు కాబట్టి అది కస్టడీ కాదనీ, కస్టడీ కాదు కాబట్టి మినహాయింపు వర్తించదనీ వాదించాలని చాలామందికి తోస్తుంది. ఆ వాదన నిలవదు. 1960లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన దేవమన్ ఉపాధ్యాయ కేసులో ఈ ప్రశ్న లోతుగా వచ్చింది. కస్టడీలో ఉన్నవాడి మాట చెల్లి, బయట ఉన్నవాడి మాట చెల్లకపోవడం వివక్ష అని చెప్పి అలహాబాదు హైకోర్టు ఈ నిబంధననే కొట్టివేసింది. సుప్రీంకోర్టు దానిని తిరిగి నిలబెట్టింది. తనకే వ్యతిరేకంగా పనికివచ్చే సమాచారాన్ని పోలీసు అధికారికి నేరుగా చెప్పే మనిషి, ఆ క్షణంలో తనను తాను అతని అదుపులో పెట్టుకున్నట్టేనని అంది. 2024 జనవరిలో పెరుమాళ్ రాజా కేసులో కూడా, కస్టడీ అంటే లాంఛనంగా అరెస్టు చేసి ఉండటమేనని కాదు, పోలీసుల నిఘాలో, నియంత్రణలో ఉండటం చాలునని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కాగితం మీద అరెస్టు లేదన్నది మీకు సాయపడదు.

ఆ మూడు రోజులు సాయపడేది వేరే విధంగా. మినహాయింపు నిలబడాలంటే ముందు మాట, తరువాత వస్తువు అన్న వరుస ఉండాలి. మూడవ రోజున పంచనామా రాసి, దానికి సాక్షులుగా ఉండే మధ్యవర్తులను పిలిచి, వారి ఎదుట చెప్పించి, ఆపై కొట్టానికి వెళ్లి నగలు తీసినట్టు రికార్డు ఉంటుంది. నిజంగా జరిగింది మొదటి రోజు రాత్రే నగలు దొరకడం, మూడవ రోజున రాయడం అయితే, పంచనామా రాసిన నాటికి నగల సంగతి పోలీసులకు కొత్త కాదు. ఒకసారి బయటపడిన విషయం మళ్లీ బయటపడదు. అప్పుడు గాబు వాక్యం కూడా మొదటి నిషేధం కిందికి జారిపోతుంది. కస్టడీ ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు ఇంత పదును ఉండటానికి కారణం ఇదే.

దీనిని రుజువు చేయడం కష్టమే. అసాధ్యం మాత్రం కాదు. పరమవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ప్రవేశ ద్వారంతో మొదలుకొని లాకప్‌లు, వరండాల దాకా సీసీ కెమెరాలు పెట్టాలని, ఆ రికార్డింగులను 18 నెలలు, వీలుకాని చోట కనీసం ఏడాది పాటు దాచాలని ఆదేశించింది. గడువు దాటితే అది చెరిగిపోతుంది. కాబట్టి ఆ మూడు రోజుల రికార్డింగును భద్రపరచమని కోరుతూ మీ వకీలు గారి ద్వారా కోర్టులో దరఖాస్తు వెంటనే పెట్టించండి, ట్రయల్ మొదలయ్యే దాకా ఆగవద్దు. అతని సెల్‌ఫోన్ ఆ రోజుల్లో ఏ టవర్ కింద ఉందో చూపే రికార్డు కూడా అలాగే ముఖ్యం. ఇంట్లోవాళ్లు ఆ మూడు రోజుల్లో పై అధికారులకు పంపిన తంతిలాంటి సందేశాలు, దరఖాస్తులు, ఫోన్ కాల్స్ ఉంటే వాటిని పారేయకండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం ప్రక్రియను ఇప్పుడు ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. మీ కేసు ఆ చట్టం వచ్చాక నమోదైనదైతే ఆ వీడియో నకలు అడగండి. దానిని చూసేటప్పుడు దారి చూపుతూ ముందు నడుస్తున్నది మీ బావమరిదేనా, తవ్వకముందే అక్కడి మట్టి కొత్తగా కదిలినట్టు ఉందా, మధ్యవర్తులు తవ్వే ముందు నుంచీ ఉన్నారా అన్నవి గమనించండి.

మధ్యవర్తుల విషయంలో ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లో ఈ పని మీద తరచుగా గ్రామ రెవెన్యూ సిబ్బందిని తీసుకువెళతారు. వారు మిగతా సాక్షుల్లా సులభంగా ఎదురు తిరగరని పోలీసుల లెక్క. కోర్టు చూడవలసింది వారి ఉద్యోగం కాదు, వారు నిజంగా విన్నారా లేదా అన్నది. 2022లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రామానంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ వరుసను స్పష్టంగా చెప్పింది. ఇద్దరు స్వతంత్ర సాక్షులను ముందుగా స్టేషన్‌కు పిలిపించాలి, వారి ఎదుట ముద్దాయి తన మాటల్లో చెప్పాలి, ఆ మాటలను సాధ్యమైనంత వరకు అతడు అన్నట్టే రాయాలి, ఆ తరువాతే అందరూ కలిసి బయలుదేరాలి. దర్యాప్తు అధికారి బోనులోకి వచ్చినప్పుడు, ముద్దాయి అన్న మాటలేమిటో చెప్పాలి. “ముద్దాయి నేరం ఒప్పుకుని సొత్తు చూపించాడు” అని ఒక్క వాక్యంలో చెప్పి దిగిపోతే, మినహాయింపు కింద రుజువు కావలసిన మాటే సాక్ష్యంలోకి రాలేదన్నమాట. ఆ బోనులో అడగవలసిన ప్రశ్నలు అడగకుండా వదిలేసిన కేసులు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తాయి.

ఇంకొక ప్రమాదం మార్కింగ్ దగ్గర ఉంది. పంచనామాలో చెల్లుబాటయ్యే భాగాన్ని మాత్రమే ఎగ్జిబిట్‌గా గుర్తించాలి. హడావిడిగా సాగే విచారణల్లో మొత్తం కాగితానికి ఎగ్జిబిట్ నంబరు పడిపోతుంది. ఒకసారి పడితే, తీర్పు రాసే నాటికి జడ్జి గారి బల్ల మీద ఉండేది ఆ పూర్తి కథే. 2022లో కర్ణాటకకు చెందిన వెంకటేశ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. వస్తువు దొరకడానికి దారితీసిన భాగాన్ని కాకుండా పూర్తి ఒప్పుకోలును రికార్డులోకి తేవడం న్యాయమూర్తి మనసు మీద నేరుగా ప్రభావం చూపే ప్రమాదం ఉందని హెచ్చరించింది. అభ్యంతరం చెప్పవలసింది ఆ కాగితాన్ని గుర్తించే రోజున, ఆ నిమిషంలోనే. ఏ వాక్యం దగ్గర మొదలై ఏ వాక్యం దగ్గర ముగియాలో మీ వకీలు గారు ముందే గీత గీసుకుని వెళ్లాలి.

సంతకం గురించి మీరు భయపడుతున్నారని అర్థమవుతోంది. సంతకం వల్ల చెల్లని వాక్యం చెల్లదు. దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద సంతకం తీసుకోరాదని సంహితలోని 181వ సెక్షన్ చెబుతుంది. మినహాయింపు కింద వచ్చే భాగానికి ఆ నిషేధం వర్తించదు గాని, దానికి సంతకం అవసరమూ లేదు. ఆ 181వ సెక్షన్‌కు పూర్వరూపమైన 162 గురించి కూడా మన ప్రాంతపు కేసే ఒకటి ఉంది. 1937లో పిఠాపురం వాసి ఒకరి శవం పూరీ రైల్వే స్టేషన్‌లో ట్రంకు పెట్టెలో దొరికింది. అనుమానితుడు అరెస్టుకు ముందే, ఆ మనిషి బరంపురంలోని తన ఇంటికి వచ్చి వెళ్లాడని పోలీసులకు చెప్పాడు. అది నేరాంగీకారం కాదు, కస్టడీలో చెప్పిందీ కాదు. అయినా దర్యాప్తులో పోలీసుకు చెప్పిన మాట కాబట్టి, చెప్పినవాడు తరువాత ముద్దాయి అయినా అది రుజువు కాదని 1939లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. పాకాల నారాయణస్వామి కేసుగా అది ప్రసిద్ధం. నేరాంగీకారం అంటే నేరాన్ని గాని, నేరంలోని ముఖ్యమైన వాస్తవాలన్నిటినీ గాని ఒప్పుకోవడమేనన్న నిర్వచనం కూడా అక్కడి నుంచే వచ్చింది.

కొట్టి చెప్పించారా అన్నది మీరు రాయలేదు. అదే జరిగి ఉంటే దానికి వేరే బలం ఉంది. 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో సుప్రీంకోర్టు, బలవంతం లేనంత వరకే ఈ మినహాయింపు, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ముద్దాయిని బలవంతపెట్టరాదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణానికి లోబడి ఉంటుందని చెప్పింది. అంటే బలవంతం రుజువైతే, నగలు దొరికినా ఆ వాక్యం వాడుకోరాదు. రుజువుకు కావలసింది మొదటి రిమాండ్ రోజున మేజిస్ట్రేటు గారికి చెప్పిన మాట, అరెస్టు సమయంలో డాక్టరు రాసిన గాయాల వివరం. మేజిస్ట్రేటు గారు అడిగినప్పుడు అతడు ఏం చెప్పాడో ఆ రోజు రిమాండ్ ఉత్తర్వు నకలు తీసి చూడండి. ఏమీ చెప్పలేదని ఉంటే ఎందుకు చెప్పలేదో, పక్కన ఎవరు నిలబడి ఉన్నారో అతడిని నెమ్మదిగా అడిగి రాసి పెట్టుకోండి.

ఇదంతా మేజిస్ట్రేటు ముందు ఇచ్చే నేరాంగీకారానికి వర్తించదు. సంహిత 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు చెప్పింది వేరే జాతి సాక్ష్యం. చెప్పనక్కరలేదని, చెబితే తనకే వ్యతిరేకంగా వాడవచ్చునని ముందే హెచ్చరించాలి. ఆలోచించుకోవడానికి కనీసం 24 గంటలు ఇవ్వడం మంచిదని 1957 నుంచీ సుప్రీంకోర్టు చెబుతోంది. చెప్పనని అన్నవాడిని తిరిగి పోలీసు కస్టడీకి పంపరాదు. ఆ హెచ్చరికలన్నీ పాటించి నమోదైతే అది మొత్తంగా కోర్టు ముందుకు వస్తుంది. అటువంటి వాంగ్మూలం ఇమ్మని మీ బావమరిదిని ఎవరైనా ఒత్తిడి చేస్తే, మీ వకీలు గారితో మాట్లాడకుండా అంగీకరించవద్దని చెప్పండి.

మీరు పంచనామా నకలు, ఎఫ్.ఐ.ఆర్., రిమాండ్ ఉత్తర్వు తీసుకుని, మూడింటిలోనూ ఉన్న తేదీలు, గంటలు ఒక కాగితం మీద వరుసగా రాసి, వాటి పక్కన ఇంట్లోవాళ్లకు గుర్తున్న తేదీలు, గంటలు రాయండి. నగలు నిజంగా ఏ పూట దొరికాయో కొట్టం దగ్గర ఉన్నవారికి తెలిసి ఉంటుంది. ఆ రెండు వరుసలు ఎక్కడ కలవడం లేదో మీ వకీలు గారికి చూపించండి. సీసీ కెమెరా దరఖాస్తులో ఏ రోజు, ఏ గంట నుంచి రికార్డింగు కావాలో ఆ తేడాను చూసే రాయవలసి ఉంటుంది.